అధికార పృథక్కరణ, సమాఖ్య విధానం: తగాదా ఎవరెవరి మధ్య ఉందో చూడండి

ప్రశ్న: సార్, నేను విజయవాడలో బీఏ రెండో సంవత్సరం. "అధికార పృథక్కరణను, సమాఖ్య విధానాన్ని ఉదాహరణలతో పోల్చి చర్చించండి" అని పది మార్కుల ప్రశ్న ఉంది. గైడ్ చూసి రాస్తే రెండూ ఒకటే అన్నట్టు వస్తోంది. రెండింట్లోనూ అధికారాన్ని పంచడమే కదా? తేడా ఎక్కడ చూపించాలి? మన రాష్ట్రం నుంచి మంచి ఉదాహరణ ఏదైనా ఉందా?

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. ఒకే ప్రభుత్వం లోపల చట్టం చేసేవాళ్లను, అమలు చేసేవాళ్లను, తీర్పు చెప్పేవాళ్లను వేరుగా ఉంచితే అది అధికార పృథక్కరణ. రెండు ప్రభుత్వాలు పెట్టి, ఏ విషయం ఎవరిదో రాజ్యాంగంలోనే రాసి పంచితే అది సమాఖ్య విధానం. మొదటిదాంట్లో పంచేది పనిని, రెండోదాంట్లో పంచేది విషయాలను. పోలీసు వ్యవస్థ రాష్ట్ర జాబితాలో ఉంది, ఇది సమాఖ్య. ఆ పోలీసు పెట్టిన కేసులో నేరం రుజువైందో లేదో తేల్చేది పోలీసు కాదు, కోర్టు. ఇది పృథక్కరణ.

పరీక్ష హాల్లో టెన్షన్‌లో ఇదంతా గుర్తు రాకపోయినా ఒక్కటి పట్టుకోండి. ఏ ఉదాహరణ తీసుకున్నా తగాదా ఎవరెవరి మధ్య అని అడగండి. ముఖ్యమంత్రికీ హైకోర్టుకూ మధ్య అయితే పృథక్కరణ. రాష్ట్రానికీ కేంద్రానికీ మధ్య అయితే సమాఖ్య. నూటికి తొంభై ఉదాహరణలు ఇక్కడే విడిపోతాయి. మిగతా పదీ కాస్త తిరకాసు, వాటి గురించి కింద చెబుతాను, ఎందుకంటే మార్కులు పెరిగేది అక్కడే.

నేను గుంటూరులో డిగ్రీ పిల్లలకు ఈ సబ్జెక్టు చెబుతాను, వాల్యుయేషన్‌కూ వెళ్తుంటాను. ఈ ప్రశ్నకు వచ్చే పేపర్లలో ఎక్కువ భాగం ఒకే అచ్చులో ఉంటాయి. మొదటి పేజీన్నరలో మాంటెస్క్యూ, 1748, మూడు శాఖలు. తర్వాతి పేజీన్నరలో కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా. చివర్లో "ఈ విధంగా రెండూ ప్రజాస్వామ్యానికి మూలస్తంభాలు" అని ఒక వాక్యం. అందులో ఒక్క మాటా తప్పు ఉండదు, కానీ పోలిక కూడా ఉండదు. రెండు షార్ట్ నోట్స్ పక్కపక్కన అతికించినట్టు ఉంటుంది. మార్కులు సగం దగ్గర ఆగిపోయేది అందుకే.

మీకు వచ్చిన అనుమానంలో నిజం లేకపోలేదు. అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ 1788లో జేమ్స్ మాడిసన్ రాసినదాని సారాంశం కూడా ఇదే: అధికారాన్ని ముందు రెండు ప్రభుత్వాల మధ్య పంచుతున్నాం, ఆ తర్వాత ఒక్కో ప్రభుత్వం వాటాను మళ్లీ దాని శాఖల మధ్య పంచుతున్నాం, కాబట్టి ప్రజల హక్కులకు రెండింతల రక్షణ ఉంటుందని. రెండూ అధికారం ఒకేచోట పోగుపడకుండా ఆపేవే. ఈ పోలికను జవాబు మొదట్లోనే నాలుగు లైన్లలో ఒప్పుకోండి. ఒప్పుకున్నాక, రెండూ ఒకటి కావని చూపించాలి.

అది చూపడానికి తేలిక మార్గం, ఒకటి ఉండి రెండోది లేని దేశాన్ని తీసుకోవడం. దక్షిణ కొరియా ఏకకేంద్ర రాజ్యం, మనలా రాష్ట్రాలు లేవు. కానీ అధ్యక్షుడు వేరు, జాతీయ అసెంబ్లీ వేరు, రాజ్యాంగ న్యాయస్థానం వేరు. 2024 డిసెంబర్ 3 రాత్రి అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ సైనిక పాలన ప్రకటిస్తే, గంటల వ్యవధిలోనే అసెంబ్లీ సమావేశమై దాన్ని ఎత్తేయాలని ఓటేసింది. తర్వాత ఆయన్ను అభిశంసించింది. 2025 ఏప్రిల్ 4న న్యాయస్థానం ఆయన్ను పదవి నుంచి తొలగించింది. ఈ కథంతటిలో ఏ రాష్ట్ర ప్రభుత్వానికీ పాత్ర లేదు. సమాఖ్య లేకుండానే పృథక్కరణ పనిచేసింది. కెనడాలో దీనికి తిరగబడిన పరిస్థితి. అక్కడ ప్రావిన్సులకు సొంత అధికారాలున్న గట్టి సమాఖ్య ఉంది, కానీ ప్రధాని, మంత్రులు పార్లమెంటులోనే కూర్చుంటారు. శాసన, కార్యనిర్వాహక శాఖలు కలిసిపోయి ఉంటాయి. అమెరికాలో రెండూ గట్టిగానే ఉన్నాయి. మన దేశం ఈ విషయంలో అమెరికా కంటే కెనడాకు దగ్గర. ఈ మూడు నాలుగు దేశాల ముక్క ఒక పేరాలో రాస్తే, మీకు విషయం అర్థమైందని దిద్దేవాళ్లకు అక్కడే తెలిసిపోతుంది.

ఇక మన రాష్ట్రం. ముందు చిక్కులేని ఉదాహరణలు రెండు.

పృథక్కరణకు 2020 నాటి రాష్ట్ర ఎన్నికల కమిషనర్ వ్యవహారం చాలు. ఏప్రిల్ 10న ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి కమిషనర్ పదవీకాలాన్ని ఐదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించింది. దాంతో అప్పటి కమిషనర్ పదవి పోయింది. మే 29న హైకోర్టు ఆ ఆర్డినెన్స్‌ను కొట్టేసింది. ఇక్కడ ఢిల్లీ లేదు. ఆర్టికల్ 213 కింద మంత్రివర్గం సలహాతో గవర్నర్ ఆర్డినెన్స్ ఇస్తారు, అంటే శాసన శాఖ చేయాల్సిన పనిని కార్యనిర్వాహక శాఖ తాత్కాలికంగా చేస్తుంది. దాన్ని న్యాయశాఖ సమీక్షించింది. మూడు శాఖలూ ఒకే సంఘటనలో కనిపిస్తాయి.

సమాఖ్యకు మన కృష్ణా నీళ్లు ఉన్నాయి. బచావత్ ట్రైబ్యునల్ లెక్కలో ఉమ్మడి రాష్ట్రానికి వచ్చిన 811 టీఎంసీలను ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఎలా పంచుకోవాలన్నది 2014 తర్వాత మొదలైన తగాదా. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. పుస్తకాల్లో "పృథక్కరణ అడ్డంగా జరిగే విభజన, సమాఖ్య నిలువుగా జరిగే విభజన" అని ఉంటుంది. అది సగం నిజమే. ఇక్కడ ఇద్దరూ సమాన హోదా ఉన్న రాష్ట్రాలు, పైనా కిందా లేదు. అయినా ఇది సమాఖ్య తగాదానే, ఎందుకంటే కొట్లాడుకుంటున్నవి రెండు వేర్వేరు ప్రభుత్వాలు. పైగా ఆర్టికల్ 262 కింద చేసిన 1956 చట్టం ప్రకారం ఇలాంటి నీటి తగాదాలను తేల్చాల్సింది మామూలు కోర్టు కాదు, ట్రైబ్యునల్. అడ్డం నిలువు అన్న మాటలు రాయండి, కానీ వాటినే నమ్ముకుని ఆగిపోకండి.

ఇప్పుడు అసలు ఉదాహరణ, అమరావతి. మూడు రాజధానుల మీద మీకు ఏ అభిప్రాయమైనా ఉండొచ్చు, గుంటూరు, విజయవాడల్లో అభిప్రాయం లేని మనిషి దొరకడు. దాన్ని పక్కన పెట్టి జరిగిన సంగతులను ఒక్కొక్కటిగా తీసుకుని, పైన చెప్పిన ప్రశ్న వేద్దాం.

2020 జనవరి 20న వికేంద్రీకరణ బిల్లు, సీఆర్డీఏ రద్దు బిల్లు శాసనసభలో నెగ్గాయి. శాసన మండలిలో మాత్రం చైర్మన్ వాటిని సెలెక్ట్ కమిటీకి పంపుతున్నట్టు ప్రకటించారు. తగాదా ఎవరి మధ్య? సభకూ మండలికీ మధ్య. చాలామంది దీన్ని పృథక్కరణ కింద రాసేస్తారు. కాదు. సభ, మండలి రెండూ శాసన శాఖలోని భాగాలే. ఇది ద్విసభా విధానం. ఆర్టికల్ 197 ప్రకారం మండలి బిల్లును ఆలస్యం చేయగలదు తప్ప ఆపలేదు. జూన్‌లో సభ రెండోసారి ఆమోదించాక, మండలికి ఉన్న నెల గడువు కూడా దాటింది. జులై 31న గవర్నర్ ఆమోదముద్ర వేశారు.

మధ్యలో ఇంకొకటి జరిగింది. జనవరి 27న మండలినే రద్దు చేయాలని సభ తీర్మానించింది. రద్దు కాలేదు. ఆర్టికల్ 169 ప్రకారం సభ తీర్మానం మాత్రమే చేయగలదు, చట్టం చేయాల్సింది పార్లమెంటు. పార్లమెంటు ఆ పని చేయలేదు. 2021 నవంబర్‌లో రాష్ట్రమే తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. చూడండి, సభకూ మండలికీ మధ్య మొదలైన గొడవ ఒక్క అడుగులో సమాఖ్య ప్రశ్నగా మారిపోయింది. మన మండలి 1985లో రద్దయి 2007లో తిరిగొచ్చినప్పుడు కూడా ఢిల్లీ నుంచి చట్టం రావాల్సి వచ్చింది.

కర్నూలుకు హైకోర్టు విషయమూ అంతే. 2014 పునర్విభజన చట్టం ప్రకారం హైకోర్టు ప్రధాన స్థానాన్ని నిర్ణయించేది రాష్ట్రపతి ఉత్తర్వు. ఆ ఉత్తర్వుతోనే 2019 జనవరి 1 నుంచి అమరావతి ప్రధాన స్థానంగా మన హైకోర్టు మొదలైంది. కాబట్టి రాష్ట్రం తన చట్టంలో న్యాయ రాజధాని అని రాసుకున్నంత మాత్రాన కోర్టు కర్నూలుకు కదలదు. పేరులో న్యాయశాఖ ఉంది కదా అని ఇదీ పృథక్కరణే అనుకుంటారు. కానీ ఇక్కడ ఎవరూ ఎవరి తీర్పుల్లో జోక్యం చేసుకోవడం లేదు. కోర్టు ఎక్కడ ఉండాలో చెప్పే అధికారం ఏ ప్రభుత్వానిదన్నదే ప్రశ్న. అది సమాఖ్య.

తర్వాత 2022 మార్చి 3 నాటి హైకోర్టు తీర్పు. అప్పటికే ప్రభుత్వం ఆ చట్టాలను ఉపసంహరించుకుంది, అయినా ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. ఈ తీర్పును రెండు ముక్కలు చేసి చదవండి.

మొదటి ముక్క: రాజధానిని మార్చడానికి, విభజించడానికి చట్టం చేసే అధికారం రాష్ట్ర శాసనసభకు లేదు. పునర్విభజన చట్టం పార్లమెంటు చేసినది, కాబట్టి ఆ అధికారం పార్లమెంటుదన్నది కోర్టు వాదన. ఈ మాట అన్నది కోర్టే అయినా, విషయం మాత్రం పార్లమెంటుకూ శాసనసభకూ మధ్య గీత ఎక్కడ ఉందన్నది. ఇది సమాఖ్య ప్రశ్న. ఇందులో విచిత్రం ఏమిటంటే, రాజధాని ఎక్కడన్నది రాష్ట్రం ఇష్టం, తమకు పాత్ర లేదని కేంద్రం 2020 ఆగస్టులోనే అఫిడవిట్ వేసింది. కేంద్రం నాది కాదన్న అధికారాన్ని కోర్టు పార్లమెంటుదే అంది. నా దృష్టిలో సమాఖ్య గురించి ఇంతకంటే మంచి పాఠ్యాంశం దొరకదు. సమాఖ్యలో హద్దు రాజ్యాంగానిది. ఒక ప్రభుత్వం మొహమాటానికో రాజకీయానికో వదిలేసుకున్నా ఆ హద్దు జరగదు, దాని అర్థం చెప్పేది కోర్టు. హైకోర్టు చెప్పిన అర్థం సరైనదా కాదా అన్నది వేరే చర్చ.

రెండో ముక్క: రాజధాని నగరాన్ని ఆరు నెలల్లో నిర్మించండి, భూములిచ్చిన రైతులకు మూడు నెలల్లో ప్లాట్లు అభివృద్ధి చేసి అప్పగించండి అని గడువులు పెట్టింది. ఇక్కడ పార్లమెంటు లేదు. కోర్టు కార్యనిర్వాహక శాఖకు పని, గడువు రెండూ చెబుతోంది. డబ్బు ఎక్కడి నుంచి తేవాలి, ఏది ముందు కట్టాలి అన్నవి మామూలుగా ప్రభుత్వం, శాసనసభ బడ్జెట్ ద్వారా తేల్చుకునేవి. అచ్చమైన పృథక్కరణ ప్రశ్న ఇది. అదే నెలలో శాసనసభలో ఈ తీర్పు మీద చర్చ పెట్టి, న్యాయశాఖ తన హద్దు దాటిందని ముఖ్యమంత్రి అన్నారు. నవంబర్ 28న సుప్రీంకోర్టు గడువులున్న ఆదేశాలపై స్టే ఇచ్చింది. కోర్టులు టౌన్ ప్లానర్ల పని చేయవచ్చా అన్న ప్రశ్న అక్కడి విచారణలో వచ్చింది.

రైతుల వైపు వాదన కూడా రాయండి, లేకపోతే జవాబు ఒక పక్కకు ఒరుగుతుంది. ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుని భూమి తీసుకుంది. మాట తప్పితే పౌరుడు వెళ్లగలిగింది కోర్టుకే. గడువు లేని ఆదేశం కాగితానికే పరిమితమవుతుంది. కాబట్టి కోర్టు జోక్యం చేసుకోవడం తప్పా అంటే కాదు, ఎంత దూరం వెళ్లిందన్నదే ప్రశ్న.

ఒకే తీర్పులో రెండు సిద్ధాంతాలూ ఇంత విడివిడిగా కనిపించడం అరుదు. మీ జవాబులో ఈ ఒక్క కేసు పేజీ నిండా రాసినా నష్టం లేదు.

ఇంకో తిరకాసు గవర్నర్. ఆయన రాష్ట్ర కార్యనిర్వాహక శాఖకు అధిపతి, ఆర్టికల్ 168 ప్రకారం శాసన శాఖలోనూ భాగం, నియమించేది మాత్రం కేంద్రం. అందుకే ఆయన పేరున్న ఉదాహరణలు రెండు వైపులా జారుతాయి. 1984 ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. నెల తిరిగేసరికి, సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. మెజారిటీ తేలాల్సింది శాసనసభలో కదా, రాజ్‌భవన్‌లో ఎలా తేల్చారు అంటే అది శాసన, కార్యనిర్వాహక శాఖల మధ్య సంబంధం. కేంద్రం పంపిన మనిషి రాష్ట్ర ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వాన్ని ఎలా తీసేశాడు అంటే అది సమాఖ్య. ఆ రోజుల్లో జనం రోడ్ల మీదికి వచ్చింది ఈ రెండో ప్రశ్నతోనే. బలం సభలోనే తేలాలన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1994లో ఎస్.ఆర్. బొమ్మై కేసులో గట్టిగా చెప్పింది.

మన దేశంలో రెండూ పూర్తి స్థాయిలో లేవన్న సంగతి తప్పకుండా రాయాలి, రెండింటికీ చెరో ఉదాహరణతో. మంత్రి కావాలంటే ఆరు నెలల్లో చట్టసభ సభ్యుడు కావాల్సిందే, అంటే శాసన, కార్యనిర్వాహక శాఖలను మన రాజ్యాంగమే కలిపింది. సుప్రీంకోర్టు 1955లో రామ్ జవాయా కపూర్ కేసులో చెప్పింది ఇదే: పృథక్కరణ కరడుగట్టిన రూపంలో మన రాజ్యాంగంలో లేదు, కానీ శాఖల పనులు తగినంత వేరుగానే ఉన్నాయని. (ఆ కేసు వేసింది స్కూలు పుస్తకాల ప్రచురణకర్తలు. పాఠ్యపుస్తకాల వ్యాపారాన్ని పంజాబ్ ప్రభుత్వం తన చేతుల్లోకి తీసుకుంటోందని వాళ్ల బాధ.) న్యాయశాఖను కార్యనిర్వాహక శాఖ నుంచి వేరు చేయాలని ఆర్టికల్ 50 ఆదేశిక సూత్రంగా చెబుతుంది. సమాఖ్య వైపు చూస్తే, ఆర్టికల్ 3 కింద పార్లమెంటు రాష్ట్రాన్ని విడగొట్టగలదు, రాష్ట్ర సభ అభిప్రాయం అడిగితే చాలు, ఒప్పుకోవాల్సిన పని లేదు. 2014 జనవరి 30న మన శాసనసభ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. ఫిబ్రవరిలో పార్లమెంటు దాన్ని ఆమోదించింది. అమెరికాలో ఏ రాష్ట్రాన్నైనా దాని శాసనసభ ఒప్పుకోకుండా ఇలా విడగొట్టలేరు.

జవాబు కూర్పు గురించి ఒక్క మాట. సగం పేజీలు దీనికి, సగం దానికి అని పంచకండి. ప్రతి పేరాలోనూ రెండూ ఉండాలి. ఎవరెవరి మధ్య విభజన, ఎందుకు పుట్టింది, తగాదా వస్తే ఎవరు తీరుస్తారు, మన దేశంలో ఎంతవరకు ఉంది అని నాలుగు పేరాలు వేసుకుంటే చాలు. ఉదాహరణకు "ఎందుకు పుట్టింది" అన్న పేరా ఇలా రాయొచ్చు:

"చట్టం చేయడం, అమలు చేయడం, తీర్పు చెప్పడం ఒకే చేతిలో పడితే పౌరుడి స్వేచ్ఛకు రక్షణ ఉండదన్న భయం నుంచి అధికార పృథక్కరణ సిద్ధాంతం వచ్చింది. సమాఖ్య విధానానికి మూలం వేరు. వేర్వేరు ప్రాంతాలు ఒకే దేశంగా ఉంటూనే తమ వ్యవహారాలు తామే చూసుకోవాలన్న అవసరం నుంచి అది వచ్చింది. పృథక్కరణ దెబ్బతింటే ముందు నష్టపోయేది వ్యక్తి. సమాఖ్య దెబ్బతింటే ముందు నష్టపోయేది ప్రాంతం."

టేబుల్ గీయొచ్చా అని క్లాసులో ఎప్పుడూ అడుగుతారు. గీయండి, కానీ ఐదు వరుసలకు మించొద్దు, అదీ పేరాలు రాశాక, టైము మిగిలితే. టేబుల్‌లో అమరావతి తీర్పు లాంటిది ఇమడదు. రెండు గళ్లలోనూ పెట్టాల్సిన కేసు అది, ఒక గడిలో పెట్టారంటే సగం వదిలేసినట్టే. కేసుల తేదీలు గుర్తు లేకపోతే సంవత్సరం ఒక్కటే రాయండి, పరవాలేదు. రాజధాని ఎక్కడ ఉండాలన్న మీ అభిప్రాయం మాత్రం రాయొద్దు, ప్రశ్నలో అది అడగలేదు.